‘మాకు పాప పుట్టింది’ అని ఎలా రాయాలి?

కాన్పు గదిలోంచి నర్సు బయటికొచ్చి కబురు చెప్పిన పావుగంటలో బంధువుల వాట్సాప్ గ్రూపులో ఫోటో ప్రత్యక్షమవుతుంది. తెల్లటి టవల్లో చుట్టిన పసికందు, పిడికిళ్లు బిగించి నిద్రపోతూ ఉంటుంది. ఫోటో కింద రెండు మూడు వాక్యాలు. అదే ఆ బిడ్డ గురించి లోకానికి అందే మొదటి రాత. ఊళ్లో పెద్దనాన్న దగ్గర్నుంచి డాలస్‌లో ఉన్న మేనమామ దాకా అందరూ ఆ వాక్యాలే చదువుతారు. ఆ స్వరాన్ని బట్టే వాళ్ల జవాబులూ ఉంటాయి.

పుట్టింది అబ్బాయైతే ఆ వాక్యాలు రాయడానికి ఎవరూ తడుముకోరు. ‘బాబు పుట్టాడు’ అని రాసి ఊరుకుంటారు. అమ్మాయి పుట్టినప్పుడు మాత్రం, ఎంత సంతోషంగా ఉన్నా, చాలామంది ఇంకేదో ఒకటి చేర్చాలనుకుంటారు. కొందరు దేవతల పేర్లు తెస్తారు, కొందరు సమాజానికి ఉపన్యాసం ఇస్తారు, కొందరు ‘ఎవరైతేనేం’ అని సర్దిచెబుతారు. చేర్చిన ఆ మాటలోనే పాత వివక్ష దాక్కుని ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడం ఎలాగో, నొప్పించకుండా పక్కన పెట్టడం ఎలాగో, ఆనందాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం ఎలాగో చూద్దాం.

ఈ వాక్యం వెనక ఉన్న బరువు

ఫోటో కింద రాసే వాక్యానికి ఇంత ఆలోచన ఎందుకంటే, మన ఇళ్లలో ఆడపిల్ల పుట్టుక ఇంకా మామూలు వార్త కాలేదు. ప్రకృతి దానంతట అది నడిస్తే ప్రతి 1000 మంది అబ్బాయిలకు దాదాపు 950 మంది అమ్మాయిలు పుడతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అంతకుముందు ఐదేళ్లలో పుట్టిన పిల్లల్లో ఆ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 934, తెలంగాణలో 894. అది కొన్ని ఇళ్లను ఎంపిక చేసుకుని చేసిన సర్వే కాబట్టి ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ కావచ్చు. కానీ తగ్గుదల ఎటువైపు ఉందో స్పష్టంగానే ఉంది.

అక్కర్లేదనుకున్న బిడ్డకు ఆ సంగతి పేరులోనే తెలిసేలా చేసిన చోట్లు కూడా మన దేశంలో ఉన్నాయి. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో ఎందరో అమ్మాయిలకు ‘నకోశి’, ‘నకుసా’ అని పేర్లు పెట్టేవారు. ‘వద్దనుకున్నది’ అని ఆ పేరుకు అర్థం. బడిలో హాజరు పిలిచిన ప్రతిసారీ ఆ పిల్ల ‘అక్కర్లేనిదాన్ని నేనే’ అని చెయ్యెత్తాలి. 2011లో జిల్లా యంత్రాంగమే పూనుకుని 280కి పైగా అమ్మాయిలకు కొత్త పేర్లు పెట్టించింది. పిల్ల గురించి పెద్దలు మొదట వాడిన మాట ఆ పిల్లతో ఎంత కాలం నడుస్తుందో ఆ ఊళ్లకు బాగా తెలుసు.

మంచి మాట కూడా అంతే దూరం వెళుతుంది. 2015 జూన్‌లో హర్యానాలోని బీబీపూర్ సర్పంచి సునీల్ జగ్లాన్ తన ఊరి తండ్రులకు ఒక చిన్న పోటీ పెట్టారు. కూతురితో ఫోటో దిగి వాట్సాప్‌లో పంపాలి. కొడుకుల కోసం పరితపించే ప్రాంతంగా పేరుపడ్డ చోట తండ్రులు కూతుళ్లను పక్కన నిలబెట్టుకుని ఫోటోలు పంపారు. ఆ నెలాఖరున ప్రధాని రేడియో ప్రసంగంలో ఆ ప్రయత్నాన్ని ప్రస్తావించి, ఫోటోతో పాటు ఒక మంచి వాక్యం కూడా రాయమని దేశాన్ని కోరారు. మెచ్చుకున్నది ఫోటోనే అయినా, అదెందుకు తీశారో చెప్పే వాక్యం కూడా కావాల్సి వచ్చింది.

ముద్దు మాటల్లో దాగే పాత మాటలు

పాప పుట్టినప్పుడు రాసే మాటల్లో ద్వేషం ఉండదు. ఉన్నదంతా ప్రేమే. అందుకే అందులోని వివక్షను పట్టుకోవడం కష్టం. తరచుగా కనిపించే నాలుగు వరసలను దగ్గరగా చూద్దాం.

మొదటిది ‘మహాలక్ష్మి పుట్టింది’. తరతరాలుగా వస్తున్న ఈ మాటను తప్పు పట్టనక్కర్లేదు. అమ్మమ్మ నోట అది వచ్చినప్పుడు అందులో ఉన్నది మురిపెమే. చిక్కు ఎప్పుడొస్తుందంటే, ‘లక్ష్మి వచ్చింది, ఇక కలిసొస్తుంది’ అని వాక్యం ముందుకు సాగినప్పుడు. అప్పుడు పిల్ల పుట్టినందుకు కాదు, ఆమెతో రాబోయే లాభానికి సంతోషిస్తున్నట్టు అవుతుంది. ఆ ఏడాది పంట పోయినా, నాన్న ఉద్యోగం ఊడినా ఆ నింద కూడా అదే లెక్కలో ఆమె మీద పడుతుంది. ‘పిల్ల పుట్టిన వేళావిశేషం’ అనే మాటకు రెండు వైపులా పదునే. మహాలక్ష్మి అనాలనిపిస్తే అనండి, లాభం మాట మాత్రం తగిలించకండి.

రెండోది ‘కొడుకులా పెంచుతాం’. ఇది రాసే తండ్రి మంచి మనసుతోనే రాస్తాడు. చదివిస్తాను, స్వేచ్ఛ ఇస్తాను, తక్కువ చేయను అని చెప్పడం అతని ఉద్దేశం. కానీ ఆ వాక్యం ప్రకారం మంచి పెంపకమంటే కొడుకుకు దక్కేదే, కూతురికి అది అప్పుగా దొరికేదే. చెప్పదలచుకున్నది చదువు గురించైతే ‘ఎంతవరకు చదువుతానంటే అంతవరకు చదివిస్తాం’ అని నేరుగా రాయొచ్చు. అందులో కొడుకు ప్రస్తావనే అక్కర్లేదు.

మూడోది ‘ఆడపిల్లైనా సరే, ఆరోగ్యంగా ఉంటే చాలు’. ఈ వరసలో ‘అయినా’, ‘సరే’, ‘ఏదైతేనేం’, ‘దేవుడిచ్చింది’ అనే మాటలు వస్తుంటాయి. ఇవన్నీ ఓదార్పు మాటలు. ఎవరూ ఏడవని చోట ఓదారిస్తే, ఏడవాల్సిన సంగతేదో జరిగిందని ఒప్పుకున్నట్టే. కాన్పు నొప్పుల నుంచి అప్పుడే బయటపడ్డ తల్లి ఫోన్ తీసి ఇవే చదువుతుంది. తాను కన్న బిడ్డను చూసి తనవాళ్లు సర్దుకుపోతున్నారని ఆమెకు అర్థమవుతుంది.

నాలుగోది ‘ఉన్నన్నాళ్లు మా ఇంటి మహారాణి’. ఆడపిల్లను పెంచడం పొరుగింటి చెట్టుకు నీళ్లు పోయడమేనని ఒక పాత సామెత ఉంది. ఈ తరం వాళ్లెవరూ ఆ సామెతను రాయరు. అయినా ‘మా ఇంటికొచ్చిన చిన్ని అతిథి’, ‘ఒకరింటికి వెళ్లే పిల్ల’ అని పుట్టిన రోజే పెళ్లి తలపులు తెస్తారు. బొడ్డు కూడా ఊడని పిల్లను మెట్టినింటికి సాగనంపే తొందర ఈ మాటల్లో ఉంది.

ఒక్క పరీక్ష చాలు

ఈ నాలుగింటినీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రాసిన వాక్యంలో ‘పాప’ తీసేసి ‘బాబు’ పెట్టి, పైకి చదవండి. వినడానికి మామూలుగానే ఉంటే వాక్యం బాగున్నట్టు. వింతగా వినిపిస్తే, ఆ వింత ఉన్న చోటే పాత మాట దాగి ఉన్నట్టు.

‘మగపిల్లాడైనా సరే, ఆరోగ్యంగా ఉంటే చాలు’ అని చదవండి. చెవికి ఎక్కడో తగులుతుంది. ‘మా బాబును కూతురిలా పెంచుతాం’ అనండి, ఎదుటివాళ్లు అదేమిటని అడుగుతారు. ‘ఉన్నన్నాళ్లు మా ఇంటి మహారాజు’ అంటే ఎక్కడికి పోతాడని అడుగుతారు. అదే ‘మాకు బాబు పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. వాళ్ల తాతయ్యలా ఒక కనుబొమ్మ పైకెత్తి చూస్తున్నాడు’ అని చదివితే ఏ ఇబ్బందీ లేదు. కాబట్టి పాప గురించి రాసినా అది మంచి వాక్యమే.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. వివక్షను పనిగట్టుకుని కాదనే వాక్యం ఇందులో నిలబడదు, నిలబడనవసరమూ లేదు. ‘కూతురు కావాలనే కోరుకున్నాం’ అని ఎవరైనా రాస్తే, దాన్ని కొడుక్కి మార్చగానే పాత పాటే అవుతుంది. అవతల లోకం సమానంగా లేదు కాబట్టి, దాన్ని సరిచేసే మాట కూడా సమానంగా ఉండదు. అలాంటి వాక్యం ఒక్కటి ఉంటే ఫరవాలేదు. మిగతావన్నీ మాత్రం పరీక్షకు నిలవాలి.

ఒక రాత ఎలా కుదురుకుంటుంది

ఒక ఇంటిని ఊహించుకుందాం. తెనాలి దగ్గర పల్లెటూరు. మొదటి పాపకు నాలుగేళ్లు. రెండో కాన్పులోనూ పాపే పుట్టింది. తొమ్మిది నెలలుగా ‘ఈసారి బాబేనా?’ అని అడగని చుట్టం లేడు. ఆస్పత్రి వరండాలో కూర్చుని తండ్రి ఇలా రాశాడనుకుందాం:

‘మా ఇంట మరో మహాలక్ష్మి అడుగుపెట్టింది. ఆడపిల్లైనా మగపిల్లాడైనా మాకు ఒకటే. ఇద్దరు కూతుళ్లనూ కొడుకుల్లా పెంచుతాం. మీ అందరి దీవెనలు కావాలి.’

ఇందులో అతని ప్రేమ ఉంది, ఆత్మరక్షణ కూడా ఉంది. ‘మరో’ అనే మాట లెక్కపెడుతోంది. ‘ఒకటే’ అన్న వాక్యం ఎవరూ అడగకముందే సంజాయిషీ ఇస్తోంది. ‘కొడుకుల్లా’ సంగతి ముందే చూశాం. నాలుగు వాక్యాల్లో పాప ఎలా ఉందో ఒక్క మాట కూడా లేదు. చదివినవాళ్లకు తండ్రి తనకు తాను ధైర్యం చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. దాంతో జవాబులూ ధైర్యం చెప్పేవే వస్తాయి: ‘బాధపడకు బాబూ, ఈ రోజుల్లో ఆడపిల్లలే నయం.’

అది చూసి అతని తమ్ముడు వేడిమీద ఇంకోటి రాసిచ్చాడు:

‘మళ్లీ ఆడపిల్లేనా అని మూతి విరిచేవాళ్లకు ఇదే మా జవాబు. కాలం మారింది, మీ బుద్ధులే మారలేదు. మా ఇంటి ఆడపిల్ల ఎవరికీ తీసిపోదు.’

ఇందులో చెప్పిన సంగతి నిజమే. కానీ పాప పుట్టిన సంతోషం పోయి, తగువు మాత్రం మిగిలింది. మూతి విరిచే చుట్టానికి ఈ వాక్యం తగలదు, తనను అన్నట్టు అతను అనుకోడు. ‘బాబు పుడితే బాగుండు’ అని ఒకసారి నోరుజారిన నాన్నమ్మకు మాత్రం నేరుగా గుచ్చుకుంటుంది. అప్పుడే మనవరాలిని ఒళ్లోకి తీసుకుని మెత్తబడుతున్న ఆమెను పది మందిలో నిలదీయడం పిల్లకు ఏ విధంగానూ మేలు చేయదు. పైగా పదేళ్ల తర్వాత పాప ఈ ఫోటో తీసి చూసుకుంటే, తాను పుట్టిన రోజున ఇంట్లో గొడవ జరిగిందని అనుకుంటుంది.

మూడోసారి అన్నీ తీసేసి ఇలా రాశారు:

‘మాకు పాప పుట్టింది. ఈ తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకు. బరువు 2 కిలోల 900 గ్రాములు. తల్లీబిడ్డా క్షేమం.’

ఇక్కడ ఆగినా తప్పు లేదు. సంజాయిషీ, పోలిక, ఓదార్పు ఏవీ లేకుండా ‘పాప పుట్టింది’ అని చెప్పడమే పాత అలవాటును సగం కాదన్నట్టు. కాకపోతే ఇది ఆస్పత్రి చీటీలా ఉంది. ఇంట్లోవాళ్లు ఎంత మురిసిపోతున్నారో తెలియడం లేదు. సంతోషం వినిపించాలంటే ‘ఎంతో ఆనందంగా ఉంది’ అని రాస్తే సరిపోదు. కళ్లతో చూసిన ఒక సంగతి కావాలి. ఆ ఉదయం ఏం జరిగిందని తల్లిని అడిగితే చెప్పింది: పెద్దపాప వచ్చి, ఎవరినీ ముట్టుకోనివ్వని తన కుందేలు బొమ్మను చెల్లి పక్కన పెట్టిందట. అలా చివరికి తేలిన రాత ఇది:

‘ఈ తెల్లవారుజామున మాకు రెండో పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. అక్క తన కుందేలు బొమ్మను అప్పుడే చెల్లికి ఇచ్చేసింది. ఈసారి ఎవరు కావాలి అని అడిగిన అందరికీ: మాకు కావాల్సింది ఈ పిల్లే.’

ఆఖరి వాక్యమే వివక్షను కాదంటోంది. ఎవరినీ వేలెత్తి చూపలేదు, పాత మాటను తిరిగి ఉచ్చరించలేదు. అడిగిన ప్రశ్నకు నవ్వుతూ జవాబిచ్చింది. ‘రెండో పాప’ అన్న మాట లెక్క కాదు, కబురు. అక్క సంగతి వల్ల ఇద్దరు అమ్మాయిలున్న ఇల్లు ఎంత సందడిగా ఉంటుందో కూడా తెలిసిపోయింది. దీనికి వచ్చే జవాబులు ఓదార్పులుగా ఉండవు, ‘కుందేలు ఎవరి దగ్గరుంది ఇప్పుడు?’ అని అడిగేలా ఉంటాయి.

ఇందులోంచి ఒక క్రమం తీసుకోవచ్చు. ముందు కబురు, తర్వాత తల్లి క్షేమం, ఆపైన కళ్లతో చూసిన ఒక్క సంగతి, అవసరమనిపిస్తే చివర్లో ఒకే ఒక్క మెత్తని ఖండన. ఖండన ముందుకొస్తే పాప వెనక్కి పోతుంది. రెండు ఖండనలు రాస్తే వాదన మొదలవుతుంది. ఇంకో మాట: రాసింది నిజమై ఉండాలి. బాబు కావాలని నిజంగానే ఆశపడ్డ తండ్రి ‘కూతురి కోసమే మొక్కుకున్నాం’ అని రాయనక్కర్లేదు. ‘ఎత్తుకున్నాను, ఇంకా దించబుద్ధి కావడం లేదు’ అని రాస్తే చాలు.

ఎవరి గొంతుతో రాయాలి

అమ్మానాన్నలే రాయాలని ఏమీ లేదు. రెండో పాపో మూడో పాపో పుట్టినప్పుడు, చుట్టాలందరి చూపూ నాన్నమ్మ తాతయ్యల మొహం మీదే ఉంటుంది. వాళ్ల పేరుతో వచ్చే రెండు వాక్యాలకు ఉన్న బలం, తల్లిదండ్రులు రాసే పది వాక్యాలకు ఉండదు. ‘నాకు మనవరాలు పుట్టింది. పొద్దున్నుంచి నా ఒళ్లోనే ఉంది. మీరూ వచ్చి ఎత్తుకోండి, మిఠాయి తినండి’ అని నాన్నమ్మ తన ఫోన్ నుంచి పంపిందంటే, ‘పాపం, మళ్లీ పాపే’ అనడానికి ఎవరికీ నోరు రాదు. ఆమెకు టైపు చేయడం రాకపోతే ఆమె చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. మీ భాషలోకి దిద్దకండి.

యాస కూడా అంతే. తెలంగాణలో చాలా ఇళ్లలో కూతురిని ‘బిడ్డ’ అనే అంటారు. ‘మాకు బిడ్డ పుట్టింది. తల్లి, బిడ్డ ఇద్దరు మంచిగున్నరు. తొట్టెలకు అందరు రావాలె’ అని రాస్తే ఆ ఇంటి సంబరం ఆ ఇంటి గొంతులోనే వినిపిస్తుంది. ‘పండంటి ఆడబిడ్డకు జన్మనిచ్చిన సందర్భంగా’ అని పత్రికల భాషలో రాస్తే అది ఎవరి ఇంటి కబురో తెలియదు. కొన్ని ప్రాంతాల్లో ‘ఆడబిడ్డ’ అంటే భర్త అక్కచెల్లెళ్లు కూడా కాబట్టి, బంధువుల గ్రూపులో ‘పాప’, ‘అమ్మాయి’ అనడమే తేలిక.

‘వారసురాలు’ అని ధైర్యంగా రాయొచ్చు

అబ్బాయి పుడితే ‘వారసుడొచ్చాడు’ అంటారు. పాప పుడితే ఆ మాట రాయడానికి చెయ్యి ఆడదు. నిజానికి ఈ విషయంలో చట్టం మన వాడుక కంటే చాలా ముందుంది, పైగా దారి చూపింది తెలుగు రాష్ట్రమే. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు మాత్రం వర్తించలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు, 2005 సెప్టెంబరు 9 నుంచి, దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు వచ్చింది. ఈసారి పెళ్లయిందా లేదా అన్న తేడా పెట్టలేదు. అది పుట్టుకతో వచ్చే హక్కేనని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

అంటే, హిందూ కుటుంబంలో ఈరోజు పుట్టిన పాప, ఇంకా పేరు కూడా పెట్టకముందే, పిత్రార్జితంలో అన్నదమ్ములతో సమానమైన వాటాదారు. తండ్రి తాను సొంతంగా సంపాదించిన ఆస్తిని వీలునామాతో ఎవరికైనా రాసుకోవచ్చు, ఆ తేడా ఉంది. కానీ వారసత్వం కొడుకుదే అన్న నమ్మకానికి చట్టంలో చోటు లేదు. అందుకే ఇలా రాసుకోవచ్చు:

‘మా ఇంటి వారసురాలు పుట్టింది. ఇంటిపేరులో, పొలంలో, తాతగారి పుస్తకాల బీరువాలో అన్నింట్లోనూ ఆమెకు వాటా ఉంది.’

ఎవరితోనూ తగువు పెట్టుకోకుండా, ఉన్న సత్యాన్ని సంబరంగా చెప్పినట్టవుతుంది.

జవాబులకు జవాబు

రాత ఎంత బాగున్నా ఒకరిద్దరు ‘తర్వాత బాబు పుడతాడులే’ అని పెడతారు. ఆ మాట అన్నవాళ్లను గ్రూపులోనే కడిగేస్తే మిగతా అభినందనలన్నీ దాని కింద పడిపోతాయి. ‘ప్రస్తుతం ఈ పాపతోనే తీరిక లేదు అత్తయ్యా, వచ్చి చూడండి’ అంటే సరిపోతుంది. మాటను పిల్ల మీదికి మళ్లించడమే ఇక్కడ చేయాల్సిన పని.

‘కోడలికి అన్నీ ఆడపిల్లలే’ అన్న మాటకు మాత్రం మౌనం పనికిరాదు, ఎందుకంటే అది తల్లి మీద వేసే నేరం. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి నుంచి వచ్చే వీర్యకణంలో ఎక్స్ ఉంటే అమ్మాయి, వై ఉంటే అబ్బాయి. అది ఎవరి చేతిలోనూ లేని సంగతే, అయినా తేడా తెచ్చేది మాత్రం తండ్రి కణం. 1905లోనే నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పిండిపురుగుల మీద చేసిన పరిశోధనలో ఈ మూలసూత్రాన్ని పట్టుకున్నారు. ఈ జవాబు ఫోటో కింద రాయాల్సింది కాదు. ఆ మాట అన్నవారికి విడిగా, భర్త స్వయంగా ఫోన్ చేసి చెప్పాల్సింది. ‘పిన్నీ, పాప పుట్టడానికి కారణం నేనే. ఏదైనా అనాలనుంటే నన్నే అనండి’ అని భర్త అంటే ఆ చర్చ అక్కడితో ముగుస్తుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఇంకో సంగతి గమనించాలి. అమెరికాలో కాన్పుకు ముందే పుట్టేది ఎవరో తెలుసుకుని, గులాబీ రంగు బెలూన్లు పగలగొట్టి పండగ చేసుకోవడం మామూలే. అదే పని ఇక్కడ చేస్తే నేరం. కడుపులో ఉన్నది ఎవరో పరీక్షించి చెప్పడాన్ని 1994 నాటి చట్టం నిషేధించింది. 2024లో తమిళనాడుకు చెందిన ఒక యూట్యూబర్ దుబాయిలో పరీక్ష చేయించుకుని ఇక్కడ వీడియో పెడితే ఆరోగ్యశాఖ నోటీసు ఇచ్చింది. అక్కడి మిత్రులు పంపిన నమూనాను చూసి ఇక్కడ ముందుగా ప్రకటించకండి. మన దగ్గర సంబరపు వాక్యం పుట్టిన తర్వాతే.

పాప కోసం మరో జాగ్రత్త. ఫోటోలో చేతికి కట్టిన ఆస్పత్రి పట్టీ, దాని మీది నంబరు కనిపించకుండా చూడండి. ఇంటివాళ్ల గ్రూపుకు సమయం, బరువు అన్నీ రాయొచ్చు గానీ, ఊరంతా చూసే చోట పుట్టిన తేదీ, పూర్తి పేరు, ఆస్పత్రి పేరు కలిపి పెట్టకపోవడం మంచిది.

బాబు పుట్టినప్పుడు కూడా

పాప గురించి ఎంత చక్కగా రాసినా, ఆర్నెల్ల తర్వాత అదే గ్రూపులో ‘వంశోద్ధారకుడు పుట్టాడు, మా కల నెరవేరింది’ అని ఇంకో ఫోటో వస్తే, ముందు రాసిందంతా ఉత్త మాటగా మిగిలిపోతుంది. పాప పుట్టినప్పుడు వివక్ష ఓదార్పు రూపంలో వస్తే, బాబు పుట్టినప్పుడు విజయగర్వం రూపంలో వస్తుంది. కాబట్టి అదే పరీక్షను తిరగేసి అబ్బాయి రాతకూ పెట్టాలి. ‘వంశోద్ధారకుడు’ ఉన్న చోట ‘పాప’ పెట్టి చదివితే ఆ వాక్యం నిలవదు. ‘మాకు బాబు పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. అక్కలిద్దరూ ఎవరు ముందు ఎత్తుకోవాలని పోట్లాడుకుంటున్నారు’ అన్నది నిలుస్తుంది. ఇద్దరు అక్కల తర్వాత పుట్టిన బాబు గురించి ఆ ఇల్లు ఏం రాసిందో ఆ అక్కలు కూడా చదువుతారు. తాము పుట్టినప్పుడు రాసిన వాక్యంలో ఎంత సంతోషం ఉందో, తమ్ముడి వాక్యంలోనూ అంతే ఉందని వాళ్లు చూసుకోగలగాలి.